కాగితం మీద కుట్టిన సినిమా

ఆ అమ్మాయి నన్ను వెతుక్కుంటూ వచ్చింది నా దర్జీ అంగడికి కాదు, ఆత్మకూరు గ్రంథాలయానికి. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కొంచెం గర్వం.

అప్పటికి నాకు అరవై అయిదేళ్లు. అంగడి మావాడు చూసుకుంటున్నాడు. సాయంత్రం నాలుగింటికి తలుపు తీయగానే లోపలికి పోయి కూర్చునే నలుగురైదుగురిలో నేనొకణ్ని. ఆ అమ్మాయి లైబ్రేరియన్ బల్ల దగ్గర నిలబడి, "ఉదయగిరి వైపు పెద్దవాళ్ల మాట బాగా అర్థమై, తెలుగు తప్పుల్లేకుండా రాయగలిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా సార్?" అని అడిగింది. ఆయన రిజిస్టరులోంచి తలెత్తకుండానే నా వైపు చేయి చూపించాడు.

ఆమెకు ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. అమ్మమ్మగారిది వింజమూరు దగ్గర పల్లె. హైదరాబాదులో సినిమా చదువు చదివింది. ఉదయగిరి కొండ కింద ఒక పల్లెకు యాభయ్యో సంవత్సరం ప్రాంతంలో పడిన కంకర రోడ్డు గురించి డాక్యుమెంటరీ తీస్తోంది. రోడ్డుకు ముందు జనం ఎట్లా నడిచారు, రాళ్లు ఎవరు కొట్టారు, మొదటి బస్సు ఎప్పుడు వచ్చింది, ఇవన్నీ ముసలివాళ్ల చేత చెప్పించి గంటలకు గంటలు రికార్డు చేసింది.

"హైదరాబాదులో ఇద్దరికిచ్చి రాయించాను తాతా. అర్థం కాని చోటల్లా చుక్కలు పెట్టి పంపించారు. దొన అంటే ఏంటో తెలీదంట."

"కొండమీద బండల నడుమ వాననీళ్లు నిలిచే గుంట" అన్నాను.

"నాకు మీరే కావాలి" అంది.

నేను ఎనిమిదో తరగతితో బడి మానినవాణ్ని. మా నాయన కుట్టుమిషను పక్కన కూర్చోబెట్టి కాజాలు కుట్టించేవాడు. ఆ రోజుల్లో మా ఊరి గ్రంథాలయమంటే ఒక అద్దె ఇంటి ముందుగది, రెండు చెక్క బీరువాలు, ఒక పొడుగు బల్ల. కాజాల పని అయిపోతే అక్కడికి పరుగెత్తేవాణ్ని. మొదటి బీరువా రెండేళ్లలో, రెండోది ఇంకో మూడేళ్లలో పూర్తిచేశాను. అర్థమైనవీ చదివాను, కానివీ చదివాను. మంచి వాక్యం ఎట్లా మొదలై ఎట్లా ముగియాలో నాకు ఎవరూ పాఠం చెప్పలేదు. ఆ రెండు బీరువాలే చెప్పాయి. అరవై అయిదేళ్ల వయసులో ఆ విద్యతో పని పడుతుందని నేను అనుకోలేదు.

పని ఇదీ. పన్నెండు టేపులను ఆమె డీవీడీలుగా చేయించి తెచ్చింది. మా ఇంటి టీవీలో పెడితే మనిషి మాట్లాడుతుంటాడు, బొమ్మ కింద అంకెలు పరుగెత్తుతుంటాయి. ఎన్నో టేపు, ఎన్ని నిమిషాలు, ఎన్ని సెకన్లు, అన్నీ అందులో ఉంటాయి. టైమ్‌కోడ్ అంటారట. నేను రిమోటు పట్టుకుని ఆపుకుంటూ, వెనక్కి తిప్పుకుంటూ, ఎవరు ఏ మాట ఏ అంకె దగ్గర అన్నారో రాయాలి. ఆ రాసిన కాగితాలతో మేము సినిమాను ముందు కాగితం మీద కూర్చాలి. ఆ తర్వాతే కంప్యూటరు.

మా ఆవిడ కాఫీ ఇస్తూ, "సినిమా తీసేదానికి కాగితాలెందుకమ్మా? అసలే ఈయనకు కాగితం కనపడితే అన్నం గుర్తుండదు" అంది.

"కంప్యూటర్లో అన్నీ ఒకేసారి పోస్తే దారి తప్పిపోతాం అమ్మమ్మా. పన్నెండు గంటల మాట్లాడుడు, అందులోంచి ఇరవై ఆరు నిమిషాలు తీయాల. అక్కడ కూర్చుని ఏది ముందు, ఏది వెనక అని వెతికితే నెల పడుతుంది. కాగితమైతే నేలమీద పరిచి, మొత్తం ఒకేసారి కంటితో చూడొచ్చు."

"అంటే కచ్చాకుట్టు" అన్నాను నేను. అసలు కుట్టు వేసే ముందు ముక్కలన్నీ వదులుగా పొడుగు దారంతో కలిపి, ఒంటికి సరిపోయిందో లేదో చూస్తాం. సరిపోకపోతే దారం లాగేస్తే గుడ్డ పాడుకాదు.

"సరిగ్గా అదే తాతా" అంది.

ముందు కాగితం మీద కూర్చడానికి ఇంకో కారణం కూడా ఉంది. నెల్లూరులో ఒక పెళ్లి వీడియోల స్టూడియో వాళ్లు ఎడిటింగ్ మిషను ఆమెకు ఇస్తామన్నారు. అదీ ఆషాఢంలో చివరి అయిదు రోజులే. ఆషాఢంలో ముహూర్తాలు లేవు కాబట్టి మిషను ఖాళీ. శ్రావణం వచ్చిందంటే నెల పొడుగునా పెళ్లిళ్లే. అప్పుడు మమ్మల్ని గుమ్మంలోకి కూడా రానివ్వరు.

మొదటి రోజే ఆ అమ్మాయి నాకు ఒక మాట చెప్పింది. "ఎట్లా మాట్లాడితే అట్లానే రాయండి తాతా. నత్తినీ, ఆగడాన్నీ, తిరిగి చెప్పడాన్నీ, పక్కన మేక అరిస్తే అదీ."

నేను సరేనన్నాను. చేయలేదు.

మొండితనంతో కాదు. టేపుల్లో ఒక ముసలామె ఉంది. ఉదయగిరిలో ఉంటుంది, పద్నాలుగు పదిహేనేళ్ల పిల్లగా ఆ రోడ్డుకు కంకర కొట్టిన మనిషి. రెండు గంటలు మాట్లాడింది. కంకర గురించి అడిగితే అక్క చావు చెప్తుంది, అక్క గురించి అడిగితే మేకను అదిలిస్తుంది, మళ్లీ సుత్తి దగ్గరికి వస్తుంది. అదే టేపుల్లో ఒక రిటైరైన హెడ్మాస్టరు కూడా ఉన్నాడు. ఆయన తండ్రి ఆ రోజుల్లో ఊరి పెద్దల్లో ఒకడు. ఆయన మాట అచ్చువేసినట్టు వస్తుంది. ఆయన వాక్యాల పక్కన ఈమె మాటలు ముక్కలు ముక్కలుగా పెడితే, చదివినవాళ్లు ఆమెను చూసి నవ్వుతారనిపించింది. అందుకని ఆమె చెప్పిన సంగతులన్నీ ఏరి, వరుసలో పెట్టి, మంచి తెలుగులో నాలుగు పేరాలు రాశాను. ఒక్కో పేరాకు మొదట్లో ఒక్క టైమ్‌కోడ్ వేశాను. ఆ పేరాలో మాటలు ఏయే చోట్ల నుంచి తెచ్చానో వేయలేదు.

వాటిలో ఒకటి నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. "అప్పుడు దారి లేదు. మా అక్కకు నొప్పులు వస్తే మంచం మీద పడుకోబెట్టి ఉదయగిరి ఆసుపత్రికి మోసుకుపోయాము. వాగు దాటకముందే ఆమె ప్రాణం పోయింది. రెండేళ్ల తర్వాత అదే దారికి నేను కంకర కొట్టాను."

ఆ అమ్మాయి రెండుసార్లు చదివింది. "సినిమా మొత్తం దీని మీదే నిలబడుతుంది తాతా" అంది. నేను పొంగిపోయాను.

మూడు వారాలు మా ముందుగది నేలంతా కాగితాలే. ఒక్కో మాటను విడిగా చీలికలుగా కత్తిరించాం. కంకర గురించి చెప్పినవాటికి ఎర్ర గీత, దారి లేని రోజులకు నీలం, బస్సుకు పచ్చ. ఒక్కో చీలిక మీద ఎవరు, ఎన్నో టేపు, ఎక్కడ మొదలు, ఎక్కడ ముగింపు, ఎన్ని సెకన్లు. పక్కన ఆ మాట మీద ఏ బొమ్మ వేయాలో. ముసలామె చేతులు, వాగు, రోడ్డు పక్క కంకర కుప్ప. ఎవరైనా ప్రశ్న వింటే గానీ అర్థం కాని జవాబు ఇస్తే ఆ చీలిక పక్కకు పోయేది, ఎందుకంటే సినిమాలో ప్రశ్న వినపడదు. చివరికి అరవై చిల్లర చీలికలు వరుసగా అట్టలకు గుండుసూదులతో గుచ్చి, మొత్తం ఇరవై ఆరు నిమిషాలకు తెచ్చాం. ముసలామె మాటల సెకన్ల లెక్క మాత్రం నేనే పైకి చదివి వాచీ చూసి వేశాను. అది ఎంత పెద్ద తప్పో అప్పటికి తెలియదు.

నెల్లూరు పోయే ముందు, మాటల మీద వేసే బొమ్మల కోసం ఉదయగిరి వెళ్లాం. నేను ఆ ముసలామెను మొదటిసారి ఎదురుగా చూసింది అప్పుడే. డెబ్బై దాటింది. వేళ్ల కణుపులు గట్టిగా ఉబ్బి ఉన్నాయి. మాట్లాడినదాన్ని సినిమాలో వాడుకునేందుకు ఒప్పుకుంటున్నానని ఒక కాగితం మీద ఆమె వేలిముద్ర వేయాలి. ఆ అమ్మాయి కెమెరా సర్దుకుంటుంటే నేను కాగితం చదివి వినిపించాను.

అంతా విని, "ఇదిగో టైలరయ్యా, ఒకమాట చెప్పు. నా మాట ఏస్తారా, కోసేస్తారా?" అంది.

"ఎందుకు కోస్తాం అక్కా?"

"ఎందుకేంది? రోడ్డు మొదట్లో పలక పెట్టినారు, చూసినావా? నల్లరాయి. దాంట్లో ఉండే పేర్లన్నీ పెద్దోళ్లయి. ఒక్కడన్నా ఒక్క రాయన్నా కొట్టినాడా అని? సుత్తి పట్టుకోవడం వస్తాదా వాళ్లకి? నాకు పేరొద్దు. నేను కొట్టినానని ఒక్కసారన్నా నా నోటితో వినపడితే చాలు. నేనుండంగానే వినాల."

"ఉంటాది అక్కా. నీ మాట మొదట్లోనే వస్తాది" అని చెప్పాను. చెప్పి, దగ్గరుండి వేలిముద్ర వేయించాను.

నెల్లూరు స్టూడియోలో ఎడిటరుకు ముప్పై అయిదేళ్లుంటాయి, బాగా హాస్యగాడు. మా అట్టలు చూసి, "ఏంది మేడం, కంప్యూటరుండంగా గుండుసూదులతో సినిమా చేస్తున్నారా? పెళ్లి వీడియోకి మేమిట్లా అట్టలు రాసుకుంటే వాళ్లకు పిల్లలు పుట్టినాక క్యాసెట్ ఇయ్యాల" అన్నాడు.

కానీ గంటలో అతని ముఖం మారింది. హెడ్మాస్టరు మాటలూ, మొదటి బస్సు తోలిన డ్రైవరు మాటలూ అట్టమీద అంకెలు చూసి టకటకా తీసి వరుసలో పేర్చేశాడు. "అబ్బ, వెతికే పనే లేదు. అన్ని మాటలూ ఇట్లా రాసిస్తే రోజుకో సినిమా చేస్తా" అన్నాడు.

తర్వాత ముసలామె చీలిక వచ్చింది. అంకె కొట్టాడు. తెరమీద ఆమె మేకను అదిలిస్తోంది.

"ఇది కాదే."

ముందుకు జరిపాడు. "నలుగురు పట్టినారు" అంది. ఆగింది. మళ్లీ మేక. ఇంకా ముందుకు జరిపాడు. కంకర కుప్ప ఎంత ఎత్తు పోయాలో చెప్తోంది. ఎడిటరు చెవులకు పెట్టుకున్నది తీసి నా వైపు తిరిగాడు. "పెద్దాయనా, మీరు రాసిన మాట టేపులో లేదు."

"ఉంది నాయనా. ఆమె చెప్పిందే."

"సంగతి చెప్పుంటాది. ఈ మాట చెప్పలా. 'అదే దారికి' అనేది ఒక చోట, 'కొట్టినా' అనేది నలభై నిమిషాల తర్వాత ఇంకో చోట. దీన్ని అతికిస్తే గొంతు ఒకచోట పైకి, ఒకచోట కిందికి. వినేవాడికి దొంగతనం తెలిసిపోతాది."

ఆ అమ్మాయి గుండుసూది లాగి ఆ చీలికను అట్ట మీంచి తీసేసింది. అదే నాకు ఎక్కువ బాధైంది. నేను మంచి వాక్యం రాశాను. అది కాగితం మీద నడిచింది. కానీ ఆమె గొంతులో అటువంటి వాక్యం లేనే లేదు. సినిమా మొదలూ చివరా దాని మీదే కట్టాం.

తర్వాత, "తాతా, నాలుగు రోజులే ఉన్నాయి" అంది. "హెడ్మాస్టరుగారు వాగు దగ్గర చావుల గురించి ఒక చోట శుభ్రంగా చెప్పారు. దాన్ని పెట్టుకుందాం. అవ్వ చేతులు చూపిద్దాం, మాట లేకుండా."

చేతులు మాత్రమే చూపిస్తే ఆమె చూసుకుంటుంది. నా నోటితో వినపడాలి అన్న మనిషి, తన చేతుల మీద హెడ్మాస్టరు మాట వింటుంది. ఆ పలక పెట్టిన పెద్దలు చేసిందే నేనూ చేశాను. వాళ్లు ఆమె పేరు రాయలేదు, నేను ఆమె మాట రాయలేదు.

"పాపా, నాకు ఒక రోజున్నర ఇయ్యి. ఆమె రెండు టేపులు మళ్లీ రాస్తా. ఈసారి నువ్వు చెప్పినట్టు."

ఆమె ఎడిటరు వైపు చూసింది. అతను భుజాలెగరేసి, "ఈలోపు బస్సు కథ పేర్చుకుందాం మేడం. ముందుగదిలో టీవీ ఉండాది, పెద్దాయన్ని కూర్చోనీండి" అన్నాడు.

స్టూడియో ముందుగదిలో గోడల నిండా పెళ్లికూతుళ్ల ఫోటోలు. వాళ్ల మధ్యలో కూర్చుని ఆ రెండు టేపులూ మొదటి నుంచి పెట్టాను. ఈసారి రాసేముందు నా తెలుగును పక్కన పెట్టాను. అది అనుకున్నంత తేలిక కాదు. చేయి దానంతట అదే వాక్యం పూర్తిచేయబోయేది. ఆమె "మంచం..." అని ఆగితే, నేను "మంచం మీద" అని రాసి కొట్టేసేవాణ్ని. ప్రతి ఆగడానికీ అంకె వేశాను. మేక అరిచిన చోట మేక అని రాశాను. పక్కింట్లో గ్రైండరు మొదలైన చోటూ, ఆగిన చోటూ రాశాను, ఆ మధ్య మాటలు వాడుకోలేం కాబట్టి.

రాస్తూ పోతుంటే తెలిసింది, ఆమె తిరగడానికి ఒక పద్ధతి ఉంది. కంకర మాట వచ్చిన ప్రతిసారీ మంచం వస్తోంది. ఒక్కసారి కూడా తప్పలేదు. నేను మంచాన్ని ముందూ, కంకరను తర్వాతా పెట్టి వరుస సరిచేశాననుకున్నాను. ఆమె లోపల అవి రెండూ ఒకేచోట ఉన్నాయి.

రెండో టేపు నడుమ, ఇంతకు ముందు నేను "అనవసరం" అని వదిలేసిన చోట, ఇట్లా ఉంది. నా రెండో రాత ఇది.

"కంకరా? కొట్టినా. ఎందుకు కొట్టలా. చేతులు చూడు. (నవ్వు) మా మేస్త్రీ అనేవాడు, పాపా నువ్వు రాయి మీద కసి తీర్చుకుంటా ఉండావే అని. ఆ వాగు కాడ కొట్టేటప్పుడు... ఇక్కడ్నే గదా మంచం దించినాము... అనుకునేదాన్ని. అనుకోని, ఏసేదాన్ని. (మౌనం, పదకొండు సెకన్లు. కుడి పిడికిలి బిగించి, మోకాలి మీద మెల్లగా రెండుసార్లు కొట్టింది.) దారుంటే బతికుండేది."

మొదటిసారి నేను ఆ పదకొండు సెకన్లను రాయలేదు. రాయడానికి అందులో మాటలేమీ లేవు కదా అనుకున్నాను.

ఆమె చీలికలు కొత్తగా కత్తిరించి, ఫోటోలు తీసే గదిలో పెళ్లికుర్చీలు ఒక పక్కకు జరిపి, అన్ని అట్టలూ విప్పి నేలమీద పరిచాను. హెడ్మాస్టరువి ఒక వరుస, డ్రైవరువి ఒక వరుస, ఆమెవి నడుమ. ఆమె మాట ఎక్కడ పడితే బాగుంటుందని చీలికలు అటూ ఇటూ జరుపుతుంటే, డ్రైవరు చీలిక ఒకటి కంటబడింది. పచ్చ గీత వేసి, పనికిరానివాటిలో పడేసినది. డ్రైవరుది మా ఆత్మకూరే, ఆ రోడ్డు మీద మొదటి బస్సు తోలినవాడు. ఆ చీలికలో ఆయన అన్న మాట ఇది.

"వాగు కాడ స్టాపు లేదు. ఒక పిల్ల మాత్రం, ఎక్కినప్పుడల్లా, ఆపు ఆపు అని గోల. ఆపితే దిగేది కాదు. తొంగి చూసి, ఇంక పో అనేది. పిచ్చిదనుకుంటిమి."

నేలమీద ఆ చీలికను తీసి ఆమె పదకొండు సెకన్ల పక్కన పెట్టాను. కేకేసి ఆ అమ్మాయిని పిలిచాను.

ఆమె మోకాళ్ల మీద కూర్చుని రెండూ చదివింది. కళ్లు మెరిశాయి. కానీ వెంటనే, "తాతా, ఆ పిల్ల ఈమేనని మనకు తెలుసా?" అంది.

"ఇంకెవరుంటారు?"

"పక్కపక్కన పెడితే చూసేవాళ్లు ఈమే అనుకుంటారు. కాకపోతే మనం అబద్ధం చెప్పినట్టు. మాటలు ముందువెనకలు చేయొచ్చు, నిజం చేయకూడదు."

నిన్నటికి నిన్న ఒక తప్పుతో దొరికినవాణ్ని, ఇంకోటి చేయదలచుకోలేదు. ఉదయగిరిలో ఆమె మనవడికి సెల్‌ఫోనుంది. ఫోను చేసి ఆమెకు ఇమ్మన్నాను.

"అక్కా, నేను టైలర్ని. బస్సొచ్చిన కొత్తల్లో, వాగు కాడ బస్సు ఆపమనేదానివా?"

అవతల ఆమె మేకను అదిలించడం వినపడింది.

"నీకెవురు చెప్పినారు?"

"డ్రైవరు."

"వాడింకా బతికుండాడా!" అంది. "వాడికింకా గుర్తుండాదా? అవును, నేనే. మా అక్క అక్కడే గదా ఆగిపోయింది, బస్సన్నా ఒక గడియ ఆగనీ అనుకునేదాన్ని. వాడు తిట్టినా ఆపేవాడు. మంచోడే."

నేను ఆ మాటలు అక్షరం పొల్లుపోకుండా ఫోటో కవరు వెనక రాసుకున్నాను. ఫోను మాట సినిమాకు పనికిరాదు. అయినా ఇక అతుకు అబద్ధం కాదు.

ఆ సాయంత్రమే కొత్త అట్ట తయారైంది. ముందు హెడ్మాస్టరు పలక గురించి చెప్పే మాట, ఇరవై రెండు సెకన్లు. ఆయన మాటను తీసేయలేదు, తక్కువా చేయలేదు. ఆ పలక మీద పేరున్న తండ్రి మీద ఆయన ప్రేమ కూడా నిజమే. ఆ వెంటనే ఆమె "కంకరా? కొట్టినా". ఆ తర్వాత బస్సు కథ. చివర డ్రైవరు "పిచ్చిదనుకుంటిమి" అన్న చీలిక, దాని తర్వాత వాగు దగ్గర కొట్టిన సంగతి, పదకొండు సెకన్లు, "దారుంటే బతికుండేది". ప్రతి చీలిక మీదా మొదటి మాటా, చివరి మాటా రాశాను, ఎడిటరు అంకె తప్పినా మాటను బట్టి పట్టుకునేట్టు. ఈసారి వాచీ పట్టుకుని నేను చదవలేదు. ఆమె మాట ముగిసిన అంకెలోంచి మొదలైన అంకె తీసేసి లెక్క వేశాను. నా లెక్కకన్నా ఆమె మాట దాదాపు రెండింతలు నిదానం. సినిమా పొడుగు ముప్పై దాటింది. అప్పుడు ఏవి వదలాలో చీలికలు తీసి పక్కన పెట్టుకుంటూ, నేలమీదే తేల్చుకున్నాం. రోలరు కథ పోయింది. కలెక్టరు వచ్చిన కథ పోయింది. ఆ రెండూ నాకు ఇష్టమైనవే.

మూడో రోజు మధ్యాహ్నం నుంచి ఎడిటరు అట్ట చూసి పేర్చాడు. పదకొండు సెకన్ల దగ్గర ఆగి, "ఇది సగానికి తగ్గిస్తా పెద్దాయనా, జనం లేచిపోతారు" అన్నాడు.

ఆ అమ్మాయి నా వైపు చూసింది. నాకు ఆ విద్య తెలియదు. అయినా, "ఒకసారి మొత్తం వేసి చూడు నాయనా, తర్వాత నీ ఇష్టం" అన్నాను.

వేశాడు. డ్రైవరు నవ్వుతూ పిచ్చిదనుకుంటిమి అన్నాడు. ఆమె వచ్చింది. మంచం దించిన మాట అంది. ఆగింది. పిడికిలి మోకాలి మీద పడింది, ఒకసారి, ఇంకోసారి. అయిపోయాక ఎడిటరు మౌస్ మీద చేయి తీసి, ముక్కు తుడుచుకుని, "ఉండనీలే" అన్నాడు.

అయిదో రోజు సాయంత్రం సినిమా పూర్తయింది. మరునాడు పొద్దున్నే ఆ మిషను మీద ఎవరిదో నిశ్చితార్థం మొదలైందని తర్వాత విన్నాను.

శ్రావణం రెండో వారంలో ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. ఇద్దరం ఉదయగిరి పోయాం. ముసలామె వసారాలో మంచం వాల్చి, దాని మీద పీట వేసి, పీట మీద కంప్యూటరు పెట్టాం. వెలుతురుకు బొమ్మ కనపడకపోతే మనవడు దుప్పటి అడ్డం పట్టాడు.

హెడ్మాస్టరు పలక గురించి మాట్లాడుతుంటే ముసలామె మూతి ముడిచింది. తన గొంతు "కంకరా? కొట్టినా" అనగానే చటుక్కున నా మోచేయి పట్టుకుంది. సినిమా అయ్యేదాకా వదల్లేదు. డ్రైవరు తెరమీదికి రాగానే, "ఓయమ్మా, వీడు ఇంత ముసిలోడైపోయినాడే!" అని నోరు నొక్కుకుంది.

అయిపోయింది. ఆమె నా మోచేయి వదిలి నా వైపు తిరిగింది. నేను భయపడ్డాను.

"రెండు గంటలు మాట్లాడినా గదబ్బా. ఇంతేనా పెట్టింది?"

"ఇంతే అక్కా."

"మేకను తీసేసినారు."

"తీసేసినాము."

"మంచి పని. అది చెడ్డ మేక." ఆమె లేచి గోడ పక్కకు పోయి, "ఏమ్మే, ఇట్లా రాండి, నేను మాట్లాడతా ఉండాను చూద్దురు" అని కేకేసింది. నలుగురు ఆడవాళ్లు కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చారు. ఆ అమ్మాయి మళ్లీ మొదటి నుంచి పెట్టింది.

వాగు దగ్గరి మాట వచ్చింది. తెరమీద ఆమె ఆగిపోయింది. పక్కింటామె ముందుకు వంగి, "ఏంది, మిషను ఆగిపోయిందా?" అంది.

"ఆగలా" అంది ముసలామె. "నోరు మూసుకోని చూడు."